ఆశా కార్యకర్త రెండు ప్రశ్నలు అడిగి వెళ్లాక ఏం జరుగుతోంది?

మండి బజార్ వెనక గల్లీల్లో గాని, రంగశాయిపేట బస్తీలో గాని, బీపీ, షుగర్ సర్వేకు ఆశా కార్యకర్త వచ్చినప్పుడు ఆమె చేతిలోని ఫారాన్ని ఒకసారి చివరిదాకా చూడండి. వయసు, నడుము కొలత, బీడీ, సిగరెట్, జర్దా అలవాటు, దగ్గు, గడ్డలు, వంట పొగ, ఇవన్నీ అయ్యాక చివర్లో రెండు ప్రశ్నలు ఉంటాయి. గత రెండు వారాల్లో ఏ పని మీదా ఆసక్తి లేకుండా పోయిందా? మనసు దిగాలుగా, నిరాశగా ఉందా? ఒక్కోదానికి సున్నా నుంచి మూడు దాకా మార్కులు. కేంద్ర ఆరోగ్య శాఖ తయారు చేసిన ఫారంలోనే ఇవి ఉన్నాయి. మొత్తం మూడు దాటితే ఆ మనిషిని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పంపాలని కింద రాసి ఉంటుంది.

అంటే డిప్రెషన్ గురించి అడిగే ఏర్పాటు మన గడప దాకా వచ్చేసింది. ఇది చాలామందికి తెలియదు. అడిగిన చోట కూడా ఎలా అడుగుతున్నారన్నది వేరే సంగతి. వాకిట్లో నిలబడి, పక్కన అత్తగారు, ఎదురుగా పక్కింటి ఆంటీ ఉండగా "మనసు బాగానే ఉందా అక్కా?" అంటే ఎవరైనా "ఆ, బాగానే ఉంది" అనే చెబుతారు. రెండు సున్నాలు పడతాయి. ఫారం పూర్తవుతుంది.

సరే, ఎవరో ఒకామె ధైర్యం చేసి నిజం చెప్పిందనుకుందాం. నాలుగు మార్కులు వచ్చాయి. దవాఖానకు కూడా వెళ్లింది. అక్కడ ఆమెతో అరగంట కూర్చుని మాట్లాడే మనిషి ఎవరు? నేను ఈ వ్యాసంలో పట్టుకున్న ప్రశ్న ఇదొక్కటే.

అంకెలు ఒకదానితో ఒకటి ఎందుకు కలవవు

ముందు రోగం ఎంత ఉందో చూద్దాం. ఈ విషయంలో పేపర్లో రోజుకో అంకె కనబడుతుంది. ఒకచోట వందలో ముగ్గురికి డిప్రెషన్ అంటారు, ఇంకోచోట వందలో ఇరవై మందికి అంటారు. రెండూ అబద్ధం కాకపోవచ్చు. కొలిచిన త్రాసు వేరు, అంతే.

బెంగళూరులోని నిమ్హాన్స్ 2015-16లో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే చేసింది. 12 రాష్ట్రాల్లో శిక్షణ పొందిన వాళ్లు ఇంటింటికీ వెళ్లి, జబ్బు నిర్ధారించే పద్ధతిలో పెద్ద ఇంటర్వ్యూ చేశారు. సర్వే నాటికి పెద్దవాళ్లలో డిప్రెషన్ ఉన్నవాళ్లు 2.7 శాతం. ఆందోళన, ఒత్తిడికి సంబంధించిన జబ్బులు ఉన్నవాళ్లు 3.5 శాతం. ఆ 12 రాష్ట్రాల్లో తెలంగాణ లేదు, ఆంధ్రప్రదేశ్ కూడా లేదు. కాబట్టి వరంగల్ గురించి మాట్లాడేటప్పుడు మనం పక్క రాష్ట్రాల లెక్కను అరువు తెచ్చుకుంటున్నామని గుర్తుంచుకోవాలి. అరువు లెక్క మనకు కొంచెం తక్కువే పడొచ్చు కూడా. 2017 నాటి పరిస్థితిని రాష్ట్రాలవారీగా అంచనా వేసి లాన్సెట్ సైకియాట్రీ ప్రచురించిన అధ్యయనం డిప్రెషన్ ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో తెలంగాణను, ఆంధ్రప్రదేశ్‌ను చేర్చింది. దేశం మొత్తం మీద 4.57 కోట్ల మందికి డిప్రెషన్, 4.49 కోట్ల మందికి ఆందోళన జబ్బులు ఉన్నాయన్నది ఆ అంచనా.

మరి ఇరవై శాతం అనే అంకెలు ఎక్కడివి? చాలావరకు ప్రశ్నావళి సర్వేల నుంచి వస్తాయి. వాటిలో బాగా వాడేది పీహెచ్‌క్యూ-9. తొమ్మిది ప్రశ్నలు, మొత్తం 27 మార్కులు. 10 గాని అంతకంటే ఎక్కువ గాని వస్తే అనుమానించాలి. నేను బీకాం వాణ్ని, నాకు పట్టిక వేసుకుంటే గాని ఏదీ తలకెక్కదు. మీరూ నాతో పాటు వేయండి. వెయ్యి మంది ఉన్నారు, వాళ్లలో నిజంగా జబ్బు ఉన్నవాళ్లు 27 మంది. ఈ ప్రశ్నావళిని మొదట పరీక్షించినప్పుడు జబ్బున్న వందలో 88 మందిని పట్టింది, జబ్బు లేని వందలో 88 మందిని సరిగ్గానే వదిలింది. అంటే మన 27 మందిలో 24 మంది దొరుకుతారు. మిగతా 973 మందిలో 12 శాతం, అంటే 117 మంది కూడా 10 దాటి కూర్చుంటారు. మొత్తం 141. పేపర్లో "వందలో 14 మందికి డిప్రెషన్" అని హెడ్డింగ్ పడుతుంది. అందులో అసలు జబ్బు ఉన్నవాళ్లు ఆరుగురికి ఒకరు.

ఆ మిగతా 117 మందీ అబద్ధం చెప్పారని కాదు. ఎవరికో మొన్ననే తండ్రి పోయి ఉంటాడు. ఎవరికో థైరాయిడ్, ఎవరికో రక్తం తక్కువ. ఎవరికో కిస్తీ కట్టే తారీఖు దగ్గరపడి నిద్ర పట్టడం లేదు. బాధ నిజమే, కాని అందరికీ మందు అక్కర్లేదు. అందుకే ప్రశ్నావళి మొదటి మెట్టు మాత్రమే. రెండో మెట్టు మీద ఒక మనిషి కూర్చుని మాట్లాడాలి. రెండో మెట్టు లేకుండా మొదటి మెట్టు మాత్రమే కడితే ఏమవుతుందంటే, డాక్టరు ముందు 141 మంది నిలబడతారు, ఆయన అందరికీ నిద్ర గోలీ రాసి పంపుతాడు.

అసలు జబ్బున్న వాళ్ల సంగతి చూస్తే, అదే జాతీయ సర్వే లెక్కన డిప్రెషన్ ఉన్న వందమందిలో 85 మంది ఏ వైద్యం అందకుండా ఉన్నారు. చికిత్స లోటు అని నిపుణులు అనేది దీన్నే. షుగర్ ఉన్న వందమందిలో 85 మందికి గోలీ లేదంటే రాష్ట్రంలో పెద్ద గొడవ అయ్యేది.

ఈ 85 మంది ఇంట్లో ఊరికే కూర్చున్నవాళ్లు కాదు, ఇది గమనించాలి. తిరుగుతూనే ఉంటారు. మా ఖాలా రెండేళ్లు తిరిగింది. గుండె దడ అంటే ఈసీజీ తీశారు. కడుపులో మంట అంటే గ్యాస్ గోలీలు ఇచ్చారు. ఒళ్లు నొప్పులంటే ఆర్ఎంపీ బలం సూది వేశాడు. నజర్ తగిలిందని ఒకరంటే దర్గాకు కూడా పోయింది. మనసు కుదురు కోసం దర్గాకు పోవడాన్ని నేను తప్పు పట్టను, అక్కడ కనీసం కాసేపు ఏడవనిస్తారు. కాని ఆ రెండేళ్లలో ఒక్కరు కూడా "నిద్ర ఎన్నింటికి తెలివొస్తోంది? ముందు ఇష్టంగా చేసిన పని ఏదైనా మానేశావా?" అని అడగలేదు. మన ఇళ్లలో డిప్రెషన్ అనే మాట పలకరు. "గాబరా", "దిల్ బైఠ్ రహా", "టెన్షన్", "ఆలోచన ఎక్కువైంది", ఈ మాటల్లో చెబుతారు. జింబాబ్వేలో షోనా భాష మాట్లాడేవాళ్లు దీన్ని "కుఫుంగిసిస" అంటారట. అర్థం అదే, అతిగా ఆలోచించడం. హరారేలో డాక్టర్ డిక్సన్ చిబండా క్లినిక్ ఆవరణలో ఒక బెంచీ వేసి, బస్తీలోని నానమ్మల వయసు ఆడవాళ్లకు శిక్షణ ఇచ్చి కూర్చోబెట్టాడు. ఆ పద్ధతి పనిచేసిందని 2016లో ట్రయల్ ఫలితాలు వచ్చాయి.

గోదావరి జిల్లాలో ఆశాలు చేసిన పని

మనకు అంత దూరం పోవాల్సిన అవసరం కూడా లేదు. మన భాషలోనే, పక్క రాష్ట్రంలో దీన్ని చేసి చూశారు. పశ్చిమ గోదావరి జిల్లాలో జార్జ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు స్మార్ట్ మెంటల్ హెల్త్ అనే ప్రాజెక్టు నడిపారు. ముందు గిరిజన గ్రామాల్లో చిన్నగా మొదలుపెట్టారు. ఆశాల చేతికి ట్యాబ్ ఇచ్చి, డిప్రెషన్‌కు పీహెచ్‌క్యూ-9, ఆందోళనకు గ్యాడ్-7 ప్రశ్నలు అడిగించారు. 5,007 మందిని అడిగితే 238 మంది అనుమానం ఉన్నవాళ్లుగా తేలారు. వాళ్ల వివరాలు ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరు ట్యాబ్‌లోకి వెళ్లేవి. ఏం అడగాలి, ఏ మందు ఎంత ఇవ్వాలి, ఎప్పుడు పెద్దాసుపత్రికి పంపాలి అన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాల ప్రకారం ఆ ట్యాబే డాక్టరుకు చూపించేది. ఎవరి ఇంటికి ముందు వెళ్లాలో మళ్లీ ఆశాకు చెప్పేది.

ఇలాంటి వాళ్లలో ప్రాజెక్టుకు ముందు మానసిక వైద్యం తీసుకున్నవాళ్లు 0.8 శాతం. ఆ తర్వాత 12.6 శాతం. చూడటానికి పెద్ద గెంతే. కాని తిప్పి చదవండి. ఆశా ఇంటికి వచ్చి అడిగినా, ఊళ్లో కళంకం పోవాలని ప్రచారం చేసినా, డాక్టరు సిద్ధంగా ఉన్నా, వందలో 87 మంది అప్పటికీ వైద్యం దాకా రాలేదు. పనికి పోతే కూలి వస్తుంది, దవాఖానకు పోతే ఉన్న కూలి పోతుంది. అక్కడి నుంచి నేర్చుకుని ఆ తర్వాత పెద్ద ట్రయల్ చేశారు. పశ్చిమ గోదావరితో పాటు హర్యానాలో కూడా, మొత్తం 44 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల పరిధిలో జరిగింది. ఫలితాలు 2024లో జామా సైకియాట్రీలో వచ్చాయి. ఏడాది తర్వాత, ఈ ఏర్పాటు ఉన్న ఊళ్లలో జబ్బు ముప్పు ఎక్కువున్న వాళ్లలో 74.7 శాతం మంది తేరుకున్నారు. లేని ఊళ్లలో 50.6 శాతం. రెండో అంకె కూడా ముఖ్యమే. డిప్రెషన్‌లో సగం మంది కాలం గడిచేకొద్దీ వాళ్లంతట వాళ్లే కొంత తేరుకుంటారు. అందుకే "మా దగ్గరకు వచ్చిన సగం మందికి నయమైంది" అని ఎవరైనా గొప్పగా చెబితే, పోల్చి చూసే గుంపు ఏదని అడగాలి.

ఇక్కడ ఆశా చేసిన పని గుర్తించడం, పంపడం, మళ్లీ పలకరించడం. కూర్చుని కౌన్సెలింగ్ చేయడం వేరే పని. దాన్ని చేసి చూపింది గోవా.

మాట్లాడే మనిషి వల్ల ఎంత తేడా

గోవాలో డాక్టర్ విక్రమ్ పటేల్, సంగత్ సంస్థ రెండు పెద్ద ట్రయల్స్ చేశారు. మొదటిది 2010లో వచ్చిన మానస్. రెండోది 2017 లాన్సెట్‌లో వచ్చిన హెల్తీ యాక్టివిటీ ప్రోగ్రామ్. నా దృష్టిలో మన పాలకులు చదవాల్సింది ఈ రెండోదాన్నే. 10 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో, పీహెచ్‌క్యూ-9లో 14 దాటిన 495 మందిని తీసుకున్నారు. అంటే తేలిక కేసులు కాదు. చీటీ తీసినట్టు వాళ్లను రెండు గుంపులు చేశారు. ఒక గుంపులో, ఈ రోగికి డిప్రెషన్ ఉందని డాక్టరుకు చెప్పారు, వైద్యం ఎలా చేయాలో కాగితం కూడా ఇచ్చారు. రెండో గుంపులో ఇదంతా చేసి, అదనంగా ఒక సాధారణ కౌన్సెలర్‌ను ఇచ్చారు. వారానికోసారి, 30 నుంచి 40 నిమిషాలు, మొత్తం ఆరు నుంచి ఎనిమిది సార్లు.

మూడు నెలల తర్వాత మొదటి గుంపులో తేరుకున్నవాళ్లు 39 శాతం, రెండో గుంపులో 64 శాతం.

మన వరంగల్ ఇప్పుడు ఆ మొదటి గుంపు దాకా కూడా పూర్తిగా రాలేదు. ఫారం ఉంది, డాక్టరు ఉన్నారు, గోలీ ఉంటే ఉంటుంది. 39కి, 64కి మధ్య తేడా తెచ్చింది సైకియాట్రిస్టు కాదు, కొత్త మందు కూడా కాదు. కనీసం పదో తరగతి చదివి, స్థానిక భాష బాగా వచ్చి, మానసిక వైద్యంలో అంతకుముందు ఏ చదువూ లేని మనిషి.

అయితే "పదో తరగతి చాలు" అన్న ముక్క పట్టుకుని ఎవరినో ఒకరిని కూర్చోబెడితే ఇది నడవదు. ఆ కౌన్సెలర్లకు మూడు వారాలు తరగతి, ఆ తర్వాత ఆరు నెలలు ఆరోగ్య కేంద్రాల్లో పనిలో శిక్షణ. అది అయ్యాక కూడా పర్యవేక్షణ ఆగలేదు. రోగి ఒప్పుకుంటే మాటలను ఆడియో రికార్డు చేసేవారు. కౌన్సెలర్లంతా ఒకచోట కూర్చుని, తోటివాళ్ల రికార్డు విని, ఇక్కడ నువ్వు వినకుండా నీతులు చెప్పావు, ఇక్కడ పోయిన వారం పని అడగడం మరిచావు అని మార్కులు వేసుకునేవారు. ఈ పనిలో అన్నిటికన్నా ఎక్కువగా జరిగే తప్పు అదే, కౌన్సెలింగ్ కాస్తా సలహాగా మారిపోవడం. "సబర్ చెయ్యమ్మా, అందరికీ కష్టాలుంటాయి" అనడం సులువు. మంచి మనసుతోనే అంటారు. విన్న మనిషి మాత్రం నోరు మూసుకుంటుంది, మూడోసారి రాదు.

లోపల ఏం జరుగుతుందో ఒక ఉదాహరణ

ఈ ఉదాహరణ ఎవరి కథా కాదు, పద్ధతి అర్థం కావాలని నేను కూర్చింది. ముప్పై నాలుగేళ్ల ఆపా అనుకోండి. ఇంట్లో మిషన్ కుడుతుంది, ఫాల్ పీకో చేస్తుంది. భర్త ఆటో నడుపుతాడు. ఆరు వారాలుగా తెల్లారి మూడింటికే తెలివొస్తోంది. బట్టలు కుప్ప పడ్డాయి, గిరాకీ వేరే దగ్గరకు పోతోంది.

తొమ్మిది ప్రశ్నలకు మార్కులు ఇలా వచ్చాయి. ఆసక్తి లేకపోవడం 3, దిగులు 2, నిద్ర 3, నీరసం 3, ఆకలి 2, నేను దేనికీ పనికిరాననుకోవడం 2, ధ్యాస నిలవకపోవడం 1. ఒళ్లు మందగించడం సున్నా. తొమ్మిదో ప్రశ్న, బతకకపోతే బాగుండనే ఆలోచన, సున్నా. మొత్తం 16. ఆ తొమ్మిదోదానికి ఒక్క మార్కు వచ్చినా మొత్తంతో పనిలేదు, అదే రోజు డాక్టరు చూడాలి. ఇది కౌన్సెలర్‌కు నేర్పే మొదటి నియమం. డాక్టరు రక్తం, థైరాయిడ్ పరీక్ష రాస్తారు, అవసరమైతే ఫ్లూఆక్సెటిన్ లాంటి మందు మొదలుపెడతారు. ఆ మందు పనిచేయడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుందని చెప్పకపోతే ఆపా ఐదో రోజే ఆపేస్తుంది. ఈ మాట చెప్పే తీరిక కూడా ఓపీలో చాలాసార్లు ఉండదు.

మొదటిసారి కౌన్సెలర్ ఎక్కువగా వింటుంది. చివర్లో ఒక సంగతి బొమ్మ వేసి చూపిస్తుంది. మనసు బాగోలేదని పని మానేశావు, పని మానేశాక గిరాకీ పోయింది, చెల్లెలింటికి పోవడం ఆగింది, ఇంట్లో ఒక్కదానివే పడుకుంటున్నావు, దాంతో మనసు ఇంకా కుంగింది. ఈ గుండ్రం ఎక్కడో ఒకచోట తెగాలి. మనసు బాగయ్యాక పని చేద్దామనుకుంటే కుదరదు, చిన్న పనితో మొదలుపెడితే మనసు వెనకాల వస్తుంది. దీనికి పుస్తకాల్లో బిహేవియరల్ యాక్టివేషన్ అని పేరు. పద్ధతి మొత్తం ఈ ఒక్క ఆలోచన మీద నిలబడింది.

రెండోసారి ఒక కాగితం. ఏ రోజు ఏం చేశావు, అప్పుడు మనసు ఎలా ఉంది? రాయడం రాకపోతే గీతలు చాలు. కాగితం చూస్తే వారంలో ఒక్క గురువారం సాయంత్రమే గీత పైకి లేచింది. ఆ రోజు కాశిబుగ్గలో ఉండే చెల్లెలు పిల్లల్ని తీసుకుని వచ్చింది. కాబట్టి మూడోసారి నిర్ణయం ఏమిటంటే, గురువారం అస్ర్ తర్వాత తానే చెల్లెలింటికి వెళ్లాలి. రోజుకు ఒక్క చీరకు ఫాల్ వేయాలి, అది కూడా పొద్దున పదింటిలోపు. ఐదు చీరలు కాదు, ఒక్కటే. పెద్ద పని పెట్టుకుని ఓడిపోతే రోగం బలపడుతుంది.

నాలుగోసారి ఆపా రాలేదు. ఇక్కడే సగం కార్యక్రమాలు చేతులెత్తేస్తాయి. గోవాలో అయితే కౌన్సెలర్ ఇంటికి వెళ్లింది, కార్యక్రమంలోనే ఆ వీలు పెట్టారు. ఆపా ఇంటికి వెళితే సంగతి తెలిసింది. గ్రూపు లోను కిస్తీ ఆగింది, మొగుడూ పెళ్లాల మధ్య గొడవైంది. అత్తగారు పక్కనే కూర్చుంది, ఇంట్లో వేరే గది లేదు. కౌన్సెలర్ ఆ రోజు అత్తగారి మోకాళ్ల నొప్పుల గురించి మాట్లాడి, మర్నాడు దవాఖానలో కలుద్దామని చెప్పి వచ్చేసింది. శిక్షణలో నేర్చుకోవాల్సింది ఇలాంటిదే. మర్నాడు కిస్తీ సంగతిని చిన్న ముక్కలు చేశారు. ఎంత కట్టాలి, ఎప్పటికి, గ్రూపు లీడర్‌తో ఎవరు మాట్లాడాలి, కుట్టి పెట్టిన బట్టల పైసలు ఎవరెవరు ఇవ్వాలి? ముగ్గురు గిరాకీదార్లు బాకీ ఉన్నారు. ఆరోసారికి మార్కులు 8. కిస్తీ పూర్తిగా తీరలేదు, నిద్ర మాత్రం ఐదింటి దాకా పడుతోంది. చివరిసారి మాట్లాడింది, మళ్లీ ఎప్పుడు కుంగొచ్చు, మొదటి గుర్తు ఏది, అప్పుడు ఏ పని ఆగకుండా చూసుకోవాలి అన్నది.

కౌన్సెలింగ్ అప్పు తీర్చదు. ఈ మాట వరంగల్‌లో గట్టిగా చెప్పాలి. 1997-98లో పత్తి పోయి, మందుల షాపుల బాకీలు మీద పడి ఈ జిల్లా రైతులు ప్రాణాలు తీసుకున్నప్పుడు దేశమంతా వరంగల్ వైపు చూసింది. అప్పుడు కావాల్సింది ముందు అప్పు మాఫీ, సరైన విత్తనం. పేదరికాన్ని జబ్బు అని పేరు మార్చి గోలీ ఇస్తే ఎవరూ ఒప్పుకోరు. కాని డిప్రెషన్‌లో ఉన్న మనిషి అప్పు గురించి బ్యాంకుకు వెళ్లి మాట్లాడే శక్తి కూడా కోల్పోతాడు. జాతీయ నేర గణాంకాల ప్రకారం 2022లో తెలంగాణలో 9,980 మంది ఆత్మహత్య చేసుకున్నారు. లక్షకు 26.3 మంది, దేశ సగటు 12.4. రెండింతల కన్నా ఎక్కువ. దీని వెనక అన్నీ డిప్రెషన్ కేసులే అనడం తప్పు. అయినా ఆ లక్షకు 26 మందిలో ఎంతమందితో ముందుగా ఎవరైనా కూర్చుని మాట్లాడారు అన్న ప్రశ్న మిగులుతుంది.

ఒక బస్తీకి ఎంతమంది కావాలి

ఇప్పుడు లెక్క. పట్టణ ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఒకటి సుమారు 50 వేల జనాభాకు ఉండాలన్నది నియమం. అందులో మూడింట రెండు వంతులు పెద్దవాళ్లనుకుంటే 33 వేలు. 2.7 శాతం చొప్పున దాదాపు 890 మంది. వీళ్లలో మూడో వంతు మందికే వరస కౌన్సెలింగ్ అవసరమై, వాళ్లంతా వచ్చారనుకుందాం. 300 మంది, మనిషికి ఆరు సార్లు, ఏడాదికి 1,800 సార్లు కూర్చోవాలి. ఒక కౌన్సెలర్ రోజుకు ఐదుగురితో, ఏడాదికి 250 రోజులు కూర్చుంటే 1,250. రాని వాళ్ల ఇళ్లకు తిరగడం, రిజిస్టర్ రాయడం, వారం వారం పర్యవేక్షణ కలిపితే ఒక కేంద్రానికి ఇద్దరు కావాలి. ఆందోళన జబ్బులు నేను ఇందులో కలపనే లేదు. మూడో వంతు అన్నది నా ఊహ, మీరు సగం అనుకుంటే ముగ్గురు కావాలి.

ఈ పనిని ఆశాల మీదే వేస్తే సరిపోతుంది కదా అనే మాట ఆఫీసుల్లో తేలిగ్గా వస్తుంది. గర్భిణులు, టీకాలు, టీబీ, బీపీ, షుగర్, సర్వేలు అన్నీ వాళ్లవే. పారితోషికం వద్దు, నెలకు రూ.18,000 ఫిక్స్‌డ్ జీతం కావాలని తెలంగాణ ఆశాలు రోడ్డెక్కి అడుగుతున్నారు. దానికి జవాబు చెప్పకుండా వారానికి పదిహేను కౌన్సెలింగులు అదనంగా పెడితే, ఆ రెండు సున్నాల ఫారమే మళ్లీ పుడుతుంది. ఇంకో చిక్కు, ఆశా అదే గల్లీ మనిషి. అడగడానికి అది బలం, గుట్టు చెప్పుకోవడానికి అదే అడ్డం. నా అభిప్రాయం ఏమిటంటే, గుర్తించడం, పలకరించడం ఆశాకు వదిలి, కూర్చుని మాట్లాడే పనికి వేరే మనిషిని, నెల జీతం మీద, వేరే బస్తీ నుంచి పెట్టాలి. పాత వరంగల్ గల్లీల్లో ఆ ఇద్దరిలో ఒకరికైనా ఇంట్లో మాట్లాడే ఉర్దూ రావాలి. "దిల్ బైఠ్ రహా" అంటే గుండె డాక్టరు దగ్గరకు పంపేవాళ్లయితే లాభం లేదు.

పర్యవేక్షణకు కొత్త భవనం అక్కర్లేదు. 1996 నుంచి జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం పేరుతో ఒక ఏర్పాటు ఉంది. ఎంజీఎం దవాఖానలో సైకియాట్రీ విభాగం ఉంది, పక్కనే కాకతీయ మెడికల్ కాలేజీ. వారానికి ఒక పూట ఈ కౌన్సెలర్ల రికార్డులు వినే బాధ్యత అక్కడ ఎవరికైనా ఇవ్వొచ్చు. ఆత్మహత్య ఆలోచన, లేని మాటలు వినిపించడం, కాన్పు తర్వాత బిడ్డను దగ్గరకు రానివ్వకపోవడం, ఇలాంటివి కింద ఆపకుండా అదే రోజు పైకి పంపే దారి కూడా దాంతోనే తెరుచుకుంటుంది.

గోవా మొదటి ట్రయల్‌లో, అంటే మానస్‌లో, ఒక విచిత్రం జరిగింది. ప్రభుత్వ కేంద్రాల్లో కౌన్సెలర్ ఉంటే 65.9 శాతం తేరుకున్నారు, లేకపోతే 42.5 శాతమే. ప్రైవేటు క్లినిక్‌లలో మాత్రం తేడా కనబడలేదు. ఫ్యామిలీ డాక్టరు అక్కడ ముందే రోగితో కాస్త ఎక్కువసేపు మాట్లాడుతుండటం ఒక కారణం కావచ్చని అన్నారు. ఉచితంగా వచ్చే దవాఖానలోనే, క్యూ పొడుగ్గా ఉన్న చోటే, ఈ మనిషి విలువ ఎక్కువన్న మాట.

ఫారం సంగతి ఒకటి మిగిలింది. ఆ రెండు ప్రశ్నలకు పరిశోధనల్లో వాడే కొలత 3 గాని అంతకు మించి గాని. మన ఫారంలో ఉన్నది 3 దాటితే. అంటే సరిగ్గా 3 వచ్చిన మనిషి ఇంట్లోనే ఉండిపోతుంది. రెండో మెట్టు లేని చోట బహుశా ఇది రద్దీ తగ్గించడానికి పనికొస్తుంది. మీ ఇంటికి ఆశా వచ్చినప్పుడు ఆ ప్రశ్నలు లోపల కూర్చుని, ఒంటరిగా అడగమనండి. మీకు గాని ఇంట్లోవాళ్లకు గాని ఇప్పుడే భారంగా ఉంటే 14416కు ఫోన్ చేయొచ్చు. అది టెలీ-మానస్, ప్రభుత్వ ఉచిత లైన్, పగలూ రాత్రీ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు.